ఆ శ్లోకం చెప్పినవాడూ చివరిచూపుకి అందలేదు

ప్రశ్న: తాతయ్యా, నీ శీర్షికకి అందరిలా పాఠకురాలిగానే రాస్తున్నాను. ఫోన్లో అడిగితే ఇద్దరం ఏడుస్తాం తప్ప మాట ముందుకు సాగదు. నానమ్మ పోయినప్పుడు నాకు పరీక్షలు, పాస్‌పోర్టు వీసా ఆఫీసులో ఉంది, రాలేకపోయాను. కొన్నాళ్లకి నువ్వు "యథా కాష్ఠం చ కాష్ఠం చ" శ్లోకం పంపావు. నెట్‌లో అర్థం వెతికాను. సముద్రంలో రెండు కట్టెలు కలిసి విడిపోయినట్టే మనుషులూ అని ఉంది. నానమ్మా నేనూ కట్టెలమా? ఇదేం ఓదార్పు? పక్కనే ఉండి అన్నీ చేసినవాళ్లకైతే ఇలాంటివి పనికొస్తాయేమో, అసలు దగ్గరే లేని నాకెందుకు పంపావు? ఇంకొకటి. చివర్లో నానమ్మ నన్ను అడిగిందా?
— విదేశంలో చదువుకుంటున్న నీ మనవరాలు

జవాబు:

అమ్మలూ,

ముందు శ్లోకం మొత్తం రాస్తాను. నువ్వు చూసినచోట ఒక్కటే ఉండి ఉంటుంది, నిజానికి అవి రెండు. వెంటవెంటనే వస్తాయి.

యథా కాష్ఠం చ కాష్ఠం చ సమేయాతాం మహార్ణవే
సమేత్య చ వ్యపేయాతాం కాలమాసాద్య కంచన

ఏవం భార్యాశ్చ పుత్రాశ్చ జ్ఞాతయశ్చ వసూని చ
సమేత్య వ్యవధావంతి ధ్రువో హ్యేషాం వినాభవః

మహాసముద్రంలో ఒక కట్టె, మరో కట్టె ఎక్కడో కలుస్తాయి. కొంతకాలం కలిసి ఉండి విడిపోతాయి. భార్యలైనా, బిడ్డలైనా, బంధువులైనా, ఆస్తులైనా అంతే. కలిసినవి విడిపోవడం ఖాయం. అర్థం ఇంతే, నువ్వు చూసింది తప్పేమీ కాదు. ఇలా విడిగా తీసి చూస్తే చల్లగా, కొంచెం కఠినంగానే ఉంటుంది. పరామర్శకి వచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఈ శ్లోకం అందుకోవడం నేనూ విన్నాను. ఏడుస్తున్న మనిషిని త్వరగా ఊరుకోబెట్టి తాము తేలిక పడాలనే తొందర తప్ప అందులో ఓదార్పు కనపడదు. అలా చెబితే నాకూ కోపమే వస్తుంది.

నేను నీకు పంపింది మాత్రం ఆ రెండు కట్టెల కోసం కాదు. ఆ మాటలు ఎవరు ఎవరితో అన్నారో, ఎప్పుడన్నారో తెలిస్తే నీకే ఎందుకు పంపానో తెలుస్తుంది. అది నెట్‌లో అర్థం కింద రాయరు.

ఇది వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో 105వ సర్గ. (ప్రతిని బట్టి సర్గ సంఖ్య ఒకటి రెండు అటూ ఇటూ ఉంటుంది, నీకు దొరికిన పుస్తకంలో తేడా ఉంటే కంగారు పడకు.) చిత్రకూటంలో రాముడు భరతుడితో అంటాడు. పోయింది వాళ్ల నాన్న దశరథుడు. ఆయన పోయినప్పుడు రాముడు అడవిలో ఉన్నాడు. భరతుడు తాతగారింట, కేకయ దేశంలో ఉన్నాడు. లక్ష్మణుడు రాముడి వెంట, శత్రుఘ్నుడు భరతుడి వెంట ఉన్నారు. నలుగురు కొడుకుల్లో ఒక్కడు కూడా తండ్రి దగ్గర లేడు. అంటే ఈ శ్లోకం చెప్పినవాడూ చివరిచూపుకి అందనివాడే, విన్నవాడూ అందనివాడే. పక్కన ఉండి అన్నీ చేసినవాళ్లకి పనికొచ్చే మాట అనుకున్నావు చూడు, సరిగ్గా తిరగేసి ఉంది.

భరతుడి సంగతి చూడు. దూతలు వస్తారు. వసిష్ఠుడు వాళ్లని పంపుతూ గట్టిగా చెప్పాడు, రాజు పోయాడని గానీ రాముడు అడవికి వెళ్లాడని గానీ అక్కడ అనొద్దని. వాళ్లు చెప్పలేదు. కానీ ఆ ముందు రాత్రే భరతుడికి పీడకల వచ్చింది. తండ్రి మాసిన బట్టలతో, జుట్టు విరబోసుకుని, కొండ మీద నుంచి పేడ మడుగులో పడుతున్నట్టు. పొద్దున్నుంచీ మనసు బాగోలేదు. ఇంట్లో అంతా కులాసాయేనా అని దూతలను ఒక్కొక్కరి పేరు పెట్టి అడిగితే, అందరూ కులాసాయే అంటారు. నువ్వు ఆ వారంలో మీ నాన్నకి ఫోన్ చేసినప్పుడల్లా "ఫర్వాలేదమ్మా, కొంచెం నీరసంగా ఉంది అంతే" అన్నాడే, దాదాపు అదే. ఏడు రాత్రులు దారిలో గడిపి భరతుడు అయోధ్య చేరతాడు. అక్కడ, 72వ సర్గలో, తల్లి నోటి నుంచి వింటాడు.

విన్న వెంటనే అతను అన్నది ఏమిటో చెబుతాను. ధర్మం గురించి కాదు, రాజ్యం గురించి కాదు. చిన్నప్పుడు దుమ్ము కొట్టుకుని వస్తే ఒళ్లు తుడిచిన ఆ చెయ్యి ఎక్కడ అని అడుగుతాడు. ఎంత మెత్తగా ఉండేదో అంటాడు. నేలమీద పడి ఏడుస్తూ గుర్తుకు తెచ్చుకున్నది ఒక చెయ్యి, దాని స్పర్శ. నువ్వు మొన్న ఫోన్లో నానమ్మ జడ వేసేటప్పుడు చెవి దగ్గర వేళ్లు ఎలా తగిలేవో చెప్పి మధ్యలో ఆపేశావు. నాకు ఈ చోటే గుర్తొచ్చింది.

తర్వాత ఇంకో మాట అంటాడు. "ధన్యా రామాదయః సర్వే యైః పితా సంస్కృతః స్వయమ్." తండ్రికి తమ చేతులతో సంస్కారం చేసుకున్న రాముడూ వాళ్లూ ధన్యులు అని. పాపం అతనికి తెలియదు, అప్పటికి రాముడు ఊళ్లోనే లేడని. దశరథుడి శరీరం ఇంకా నూనె తొట్టిలోనే ఉంది. కొడుకు ఒక్కడైనా లేకుండా సంస్కారం చెయ్యకూడదని మంత్రులు అలా ఉంచారు. భరతుడి మనసులో మాత్రం ఒక బొమ్మ కుదురుకుపోయింది. తనొక్కడే దూరంగా ఉన్నాడు, మిగతావాళ్లంతా తండ్రి చుట్టూ నిలబడి ఉన్నారు.

ఇప్పుడు ఇదే కథ అవతలి ఒడ్డు నుంచి చూడు. 103వ సర్గ. భరతుడు చిత్రకూటం వెళ్లి రాముడికి కబురు చెబుతాడు. రాముడు, గొడ్డలితో నరికిన పూలచెట్టులా కూలిపోతాడు. మిగతావాళ్లు ఏడుస్తూనే నీళ్లు చల్లి లేపుతారు. తెలివి వచ్చాక అన్న మాట ఇది. నా మీద బెంగతోనే పోయాడు, నేను సంస్కారం కూడా చెయ్యలేకపోయాను, నాలాంటి కొడుకు వల్ల ఆయనకి ఒరిగిందేమిటి? ఆ వెంటనే తమ్ముడితో, "అహో భరత సిద్ధార్థో", భరతా, నువ్వు అదృష్టవంతుడివయ్యా, నీకూ శత్రుఘ్నుడికీ నాన్న కర్మలన్నీ చేసే భాగ్యం దక్కింది అంటాడు.

అక్కడ భరతుడు రాముడిని ధన్యుడన్నాడు, ఇక్కడ రాముడు భరతుడిని ధన్యుడంటున్నాడు. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చదివితే గానీ ఇది కనపడదు. మధ్యలో ముప్పై సర్గల దూరం ఉంది మరి. ఎవరికి వాళ్లు, తాను తప్ప మిగతా అందరూ అక్కడ ఉన్నారనే అనుకున్నారు.

అక్కడ నిజంగా ఉన్నదెవరంటే కౌసల్య, సుమిత్ర. రాముడు వెళ్లిన ఆరో రాత్రి, అర్ధరాత్రి దాటాక, వాళ్లిద్దరూ దగ్గరుండగానే దశరథుడి ప్రాణం పోయింది. కానీ వాళ్లు రోజుల తరబడి ఏడ్చి ఏడ్చి అలిసిపోయి నిద్రలో ఉన్నారు. పొద్దున్న మేలుకొలుపులు పాడేవాళ్లు వచ్చి పాడారు, రాజు లేవలేదు. అంతఃపుర స్త్రీలు తట్టి చూశారు. అప్పుడు తెలిసింది. వాళ్ల ఏడుపుకి రాణులిద్దరూ లేచారు. పక్కనే ఉన్నవాళ్లకి కూడా ఆ క్షణం దొరకలేదు.

నీకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. మీ నానమ్మ పోయిన క్షణంలో నేనూ గదిలో లేను. నర్సు చీటీ రాసిచ్చి ఈ ఇంజక్షన్ తెమ్మంటే కింద మందుల షాపుకి వెళ్లాను. క్యూలో నా ముందు ఇద్దరున్నారు. చిల్లర లేదంటే ఫోన్లో డబ్బులు పంపడానికి తంటాలు పడ్డాను, అద్దాలు పైనే మర్చిపోయి అంకెలు కనపడక. లిఫ్టు దిగి గది దగ్గరికి వచ్చేసరికి మీ నాన్న తలుపు బయట నిలబడి ఉన్నాడు. వాడూ అప్పుడే డాక్టరుతో మాట్లాడి వస్తున్నాడట. అన్నేళ్ల కాపురం చేసినవాడిని, ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉన్నవాడిని, చేతిలో మందు సంచీతో నిలబడ్డాను. నువ్వు నన్ను అదృష్టవంతుల లెక్కలో వేసుకున్నావని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

ఇక నీ చివరి ప్రశ్న. ఇదీ భరతుడు అడిగిందే. తల్లిని, నాన్న చివరగా ఏమన్నాడు, నాకోసం చెప్పిన ఆఖరి మాట వినాలని ఉంది అని అడుగుతాడు. కైకేయి దాచకుండా చెబుతుంది. హా రామా, హా సీతా, హా లక్ష్మణా అంటూ పోయాడు అని. రాముడు తిరిగి రావడం చూడబోయేవాళ్లే అదృష్టవంతులు అన్నాడు అని. అందులో భరతుడి పేరు లేదు. వాల్మీకి కావాలంటే ఒక పేరు చేర్చి ఆ పిల్లవాడిని ఊరడించి ఉండవచ్చు. చేర్చలేదు. నేనూ చేర్చను. ఆఖరి రెండు రోజులూ మీ నానమ్మ మత్తులోనే ఉంది, నీ పేరే కాదు, ఎవరి పేరూ అనలేదు. నా పేరు ఎలాగూ అనేది కాదనుకో.

కానీ ఆ ముందు, తెలివిగా ఉన్న రోజుల్లో, నీ వీడియో కాల్ అయ్యాక ఫోన్ నా చేతికిస్తూ, "ఇది ఫోన్ సరిగ్గా పట్టుకోదు, ఎప్పుడూ ఫ్యానే చూపిస్తుంది, మొహం చూద్దామంటే సగమే" అని విసుక్కుంది. రెండు నిమిషాలాగి, మళ్లీ ఎప్పుడు చేస్తానందీ అని అడిగింది. ఇది నేను విన్నది, ఉన్నది ఉన్నట్టు. ఆఖరి మాట అనేది ఆఖరి గంటలోనే ఉండాలని మనం అనుకుంటాం గానీ, ఆ గంటలో మనుషులు సాధారణంగా ఏమీ చెప్పే స్థితిలో ఉండరు.

ఇప్పుడు మళ్లీ శ్లోకానికి వద్దాం. రాముడు ఆ కబురు విన్న నిమిషంలో ఈ శ్లోకం చెప్పలేదు, గమనించావా? ముందు కూలిపోయాడు, ఏడ్చాడు, తనను తాను నిందించుకున్నాడు. తర్వాత మందాకినికి దిగి, దక్షిణ ముఖంగా నిలబడి దోసిలితో నీళ్లు వదిలాడు. గట్టుకి వచ్చి, గారకాయల పిండిలో రేగుపళ్లు కలిపి దర్భల మీద పిండం పెట్టాడు. "మేము ఏది తింటున్నామో అదే పెడుతున్నాం, సంతోషంగా తిను మహారాజా. మనిషి ఏది తింటాడో అతని దేవతలూ అదే తింటారు" అని ఏడుస్తూ అన్నాడు. అయోధ్యలో జరిగినట్టు జరిపించడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఉన్నచోటే, ఉన్నదానితోనే చేశాడు. తర్వాత కౌసల్య ఆ గారపిండి ముద్ద చూసి, భూమినంతా ఏలినవాడికి ఇదా తిండి అని కుమిలిపోతుంది. రాముడు మాత్రం అది తక్కువని ఆగలేదు. ఆ రాత్రంతా ఏడుపుతోనే గడిచింది. పొద్దున్న స్నానాలు, జపహోమాలు అయ్యాక అందరూ వచ్చి కూర్చున్నారు, ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు భరతుడు మాట మొదలుపెడితే, దానికి జవాబుగా వచ్చాయి ఈ శ్లోకాలు.

ఆ జవాబు కట్టెలతో మొదలు కాదు. మొదటి మాట "నాత్మనః కామకారోऽస్తి", మనిషి తన ఇష్టం వచ్చినట్టు చెయ్యగలిగినవాడు కాడు, కాలం అతన్ని ఇటూ అటూ లాగుతూ ఉంటుంది అని. ఎందుకిలా మొదలుపెట్టాడంటే, ఎదురుగా ఉన్నవాడి దుఃఖంలో సగం నింద ఉంది. నా పేరు చెప్పే అమ్మ వరాలు అడిగింది, నా వల్లే నాన్న పోయాడు, నేను ఊళ్లో ఉంటే ఇదంతా జరిగేది కాదు, ఇలా భరతుడు లోపల తనను తాను తింటున్నాడు. రాముడు ముందు ఆ ముడి మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాతే కూడబెట్టినవి తరుగుతాయని, పండిన పండు రాలక తప్పదని, గట్టి స్తంభాలున్న ఇల్లు కూడా పాతబడి కూలుతుందని, గడిచిన రాత్రి తిరిగి రాదని వరసగా చెబుతూ కట్టెల దగ్గరికి వస్తాడు.

ఆ వరసలో చదివితే కట్టెల్లో నాకు కనపడేది వేరు. కట్టెలు వాటంతటవి విడిపోవు. అల విడదీస్తుంది. రెండింటిలో ఏ కట్టెదీ తప్పు లేదు. పాస్‌పోర్టు ఆఫీసులో ఇరుక్కుపోవడం, పరీక్ష తేదీ, ఆవిడ జబ్బు ఒక్కసారిగా ముదరడం, ఇవన్నీ అలలు. నువ్వు రాకూడదని రాలేదా? "కాలమాసాద్య కంచన" అని ఇంకో ముక్క ఉంది చూడు, కొంతకాలం కలిసి ఉండి అని. అర్థం చెప్పేవాళ్లు దాన్ని దాటేసి గబగబా విడిపోవడం దగ్గరికి వెళ్లిపోతారు. అంత సముద్రంలో రెండు కట్టెలు ఒకదానికొకటి తగలడమే అపురూపం. నీకూ ఆవిడకూ ఆ కొంతకాలం నువ్వు పుట్టినప్పటి నుంచీ విమానం ఎక్కేదాకా, ఆ తర్వాత సగం మొహం కనపడే కాల్స్‌లోనూ నడిచింది. చివరి గంట అందులో లేదు కాబట్టి మిగతాదంతా చెల్లదని శ్లోకం ఎక్కడా అనలేదు.

కొందరు ఇదే సంగతిని రైలు పెట్టెతో పోల్చి చెబుతారు, ఎవరి స్టేషన్‌లో వాళ్లు దిగిపోతారని. నాకది నచ్చదు. రైలెక్కేవాడి చేతిలో టికెట్ ఉంటుంది, ఎక్కడ దిగాలో ముందే తెలుసు, సామాను సర్దుకునే టైమూ ఉంటుంది. మన విషయంలో అవేవీ ఉండవు కదా. వాల్మీకి సముద్రాన్ని ఊరికే ఎంచుకోలేదు.

కట్టెల తర్వాత రెండు శ్లోకాలు దాటితే ఇంకో చిన్న బొమ్మ ఉంది, నాకు దానిమీదే మమకారం ఎక్కువ. దారిన వర్తకుల బిడారు ఒకటి పోతూ ఉంటుంది. పక్కన నిలబడ్డ మనిషి వాళ్లతో, "మీరు పదండి, వెనకే నేనూ వస్తాను" అంటాడు. తండ్రులూ తాతలూ వెళ్లిన దారి అది, మనమూ అదే దారిలో ఉన్నాం అంటాడు రాముడు. నా వయసులో ఈ శ్లోకం బాగా రుచిస్తుంది. నీ వయసుకి ఇప్పుడే అక్కర్లేదు, ఊరికే చెప్పాను. నువ్వు మళ్లీ దీనిమీద బెంగ పెట్టుకోకు, నాకు బీపీ షుగరు అన్నీ అదుపులోనే ఉన్నాయి.

మరి ఇంత చెప్పాక భరతుడు ఊరడిల్లాడా? లేదు. 106వ సర్గలో వెంటనే ఎదురు చెబుతాడు. "నీలాంటివాడు లోకంలో ఎవరుంటారు అన్నయ్యా? దుఃఖం నిన్ను బాధపెట్టదు, సంతోషం నిన్ను పొంగించదు" అంటాడు. పొగడ్తే, కానీ అందులో కొంచెం నిష్ఠూరం కూడా నాకు వినపడుతుంది, నువ్వు "ఇదేం ఓదార్పు" అన్నావే, అలాంటిది. పండితులు దీన్ని పూర్తిగా స్తుతి అనే చెబుతారు, నేను పట్టుబట్టను. ఏదేమైనా భరతుడు వాదించాడు, బతిమాలాడు, చివరికి పాదుకలు తీసుకుని వెళ్లి నందిగ్రామంలో ఉండి పని చూసుకున్నాడు. శ్లోకం అతని దుఃఖాన్ని ఒక్కపూటలో తీసెయ్యలేదు.

చెప్పినవాడికి కూడా అది కవచంలా పనిచెయ్యలేదు. సీత కనపడకపోతే ఇదే రాముడు చెట్టు చెట్టునీ అడుగుతూ తిరిగాడు. జటాయువు చేతుల్లో పోతే, సీతను ఎత్తుకుపోయినప్పుడు కూడా నాకింత దుఃఖం కలగలేదని లక్ష్మణుడితో అన్నాడు. అందరూ కట్టెలే అని తెలిసినవాడు ఒక పక్షి కోసం అలా ఏడ్చాడు. అందుకని ఈ శ్లోకం తెలిసింది కాబట్టి ఇక ఏడవకూడదేమో అని నువ్వు అనుకుంటే, ఆ నియమం రామాయణంలో మాత్రం లేదు.

ఆ సర్గ ముగిసేచోట రాముడు చెప్పేది చాలా మామూలు సంగతి. నువ్వు కుదుటపడి ఆ ఊరికి వెళ్లి ఉండు, నాన్న నీకు అప్పజెప్పిన పని అది. నాకు ఎక్కడ ఉండమని చెప్పాడో అక్కడ నేనుంటాను. ఇద్దరూ ఒకచోట చేరి దుఃఖపడదాం అనలేదు. నువ్వు చదువు ఆపేసి వచ్చేస్తానని మీ అమ్మతో అన్నావట. సెలవులకి రా, తప్పకుండా రా, ఆవిడ బీరువా నువ్వు వచ్చాకే తెరుద్దామని తాళం నా దగ్గరే పెట్టాను. చదువు మానేసి మాత్రం కాదు. నిన్ను పంపడానికి మొదట ఒప్పుకున్నది మీ నానమ్మే, మేమంతా తర్వాత.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నిద్ర పడుతోందా? తిండి? క్లాసులకి వెళ్తున్నావా? ఏడుపు రావడం వేరు, వారాల తరబడి మంచం దిగబుద్ధి కాకపోవడం వేరు. రెండోదైతే మీ యూనివర్సిటీలో కౌన్సెలర్ ఉంటారు కదా, వెళ్లి మాట్లాడు. దానికి నా అనుమతి అక్కర్లేదు, సిగ్గు పడాల్సిన పనీ లేదు. శ్లోకం మందు కాదు, నేను డాక్టర్ని కాదు.

ఆవిడ కోసం ఏదైనా చెయ్యాలని ఉంది, ఇక్కడేముంది చెయ్యడానికి అని మీ నాన్నతో అన్నావట కూడా. గారపిండి గుర్తుందిగా? నువ్వు వండుకున్నదే, ఒక ముద్ద పక్కన పెట్టి ఆవిడను తలుచుకుని తిను. మంత్రం రాకపోతే తెలుగులో చెప్పు, ఆవిడకి సంస్కృతం ఎలాగూ రాదు.

శనివారం ఫోన్ చెయ్యి. 72వ సర్గతో మొదలుపెడదాం, తర్వాత 103, ఆ తర్వాతే 105. పేజీల ఫోటోలు ముందురోజు పంపుతాను, అక్షరాలు చిన్నవిగా ఉంటే చెప్పు, మళ్లీ తీస్తాను. భరతుడిలా నీకూ వాదించాలని ఉంటే 106 కూడా చదువుదాం. ఫోన్ మాత్రం కాస్త తిన్నగా పట్టుకో.

మీ తాతయ్య